ఫోటోలోని గుర్తు 1 అవునో 7 అవునో, మైనస్ అవునో భిన్నం గీత అవునో తేల్చుకోవడం

ప్రశ్న: "పిల్లలు నోటుబుక్కు ఫోటో తీసి పంపే లెక్కలను చూసి సరిచేస్తుంటాను. 1 ని 7 గానూ, మైనస్‌ను భిన్నం గీతగానూ చదివి, తప్పు లెక్కకు తప్పు జవాబు రాసి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎంత పెద్దది చేసి చూసినా కొన్ని గుర్తులు తేలడం లేదు. పొరపాటు పడ్డానని ముందే పట్టుకునే దారి ఏదైనా ఉందా?"

జవాబు:

పెద్దది చేసి చూడటం ఎంతవరకు పనికొస్తుందో ముందు చెబుతాను. 210 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితం, మెసేజ్‌లో పంపేటప్పుడు కుదించుకుపోయి, 800 పిక్సెళ్ల వెడల్పుతో మీకు చేరిందనుకోండి. అప్పుడు కాగితం మీది ఒక మిల్లీమీటరుకు నాలుగు పిక్సెళ్లు కూడా రావు. 1 తలమీద వేసే చిన్న కొక్కెం సాధారణంగా ఒక మిల్లీమీటరు ఉంటుంది. 7 తలమీది అడ్డగీత రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే రెండు అంకెల మధ్య తేడా అంతా ఏడెనిమిది పిక్సెళ్లలోనే ఉన్నది. ఘాతంగా పైన రాసిన అంకె ఇందులో సగం పరిమాణమే. పైగా జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి, చిన్న ఘాతం మొత్తం ఒకటి రెండు గళ్లలోనే ఇమిడిపోయి, దాని అంచులు చుట్టూ ఉన్న కాగితంతో కలిసిపోతాయి. ఆ దశలో తెర మీద వేళ్లతో సాగదీస్తే మసక పెద్దదవుతుందే తప్ప, పోయిన గీత తిరిగి రాదు.

అందువల్ల గుర్తునే చూస్తూ కూర్చోకుండా, దానిని రెండు విధాలుగానూ చదివి, ఆ రెండు చదువుల్లో ఏది నిలుస్తుందో అదే కాగితం మీద ఉన్న మరొక సాక్ష్యంతో తేల్చుకోవడం నా పద్ధతి. ఒక హెచ్చరిక మాత్రం మొదటే చేయాలి. వచ్చిన జవాబును మీరు ఎత్తి రాసుకున్న సమీకరణంలో ప్రతిక్షేపించి సరిపోయిందని తృప్తిపడితే, అది మీ లెక్కకు పరీక్ష అవుతుంది కానీ మీ చదువుకు పరీక్ష కాదు. తప్పుగా చదివిన సమీకరణానికి వచ్చిన సరైన జవాబు ఆ తప్పు సమీకరణంలో చక్కగా ఇముడుతుంది. ప్రతిసారీ ఫోటో దగ్గరికి తిరిగి వెళ్లవలసిందే.

1, 7 ల సంగతి తీసుకుందాం. గణితం రాసే పద్ధతిలోనే కొన్ని ఆధారాలు దొరుకుతాయి. గుణకం 1 అయితే దానిని ఎవరూ రాయరు. 1x అని కాక x అనే రాస్తారు. ఘాతం 1 ని రాయరు, హారంలో ఒంటరిగా 1 ని కూడా దాదాపుగా రాయరు. కాబట్టి అక్షరానికి ముందు అంటిపెట్టుకుని ఒంటరి 1 ఉన్నట్లు మీకు కనిపిస్తే, అది 7 కావచ్చునని అనుమానించాలి. మధ్యమెట్లలో సామాన్య గుణకాన్ని తీసేటప్పుడు పిల్లలు 1 ని రాయడం ఉంది కానీ, ప్రశ్న రాసిన వరుసలో అలా ఉండటం అరుదు. ఈ చిన్న విషయం ఒక్కటే నాకు పట్టించిన తప్పులు, పెద్దది చేసి చూడటం వల్ల పట్టుబడిన వాటికన్నా ఎక్కువ.

తరువాత చూడవలసింది ఆ రాసిన చేతినే. అదే పేజీలో సందేహం లేని 1 ని, సందేహం లేని 7 ని వెతకండి. విద్యార్థి తన చేత్తో రాసుకున్న ప్రశ్నల సంఖ్యలు దీనికి చాలా బాగుంటాయి, ఎందుకంటే 6 కూ 8 కీ మధ్య ఉన్నది 7 తప్ప మరొకటి కాజాలదు. 10, 12 లలో మొదటి అంకె 1 తప్ప మరొకటి కాదు. దొరికిన రెండు నమూనాలనూ సందేహపు అంకె పక్కన పెట్టి చూసేటప్పుడు, కొక్కెం ఉందా లేదా అన్నది కాక, అది నిలువు గీతను కలిసే కోణాన్ని చూడండి. చాలామంది చేతిలో 1 కొక్కెం కిందికి వాలి నిలువు గీతకు దగ్గరగా ఉంటుంది, 7 తల దాదాపు అడ్డంగా సాగి, ఆపై కాడ ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. కానీ కాగితాన్ని పక్కనుంచి వంచి తీసిన ఫోటోలో ఏటవాలు కాడ నిటారుగా, నిటారు కాడ ఏటవాలుగా మారిపోతాయి. అందుకే నమూనా అంకె అదే పేజీలో, వీలైతే సందేహపు అంకె ఉన్న వైపే ఉండాలి. పాత పేజీలోని 7 తో పోల్చడం అంత నమ్మకమైన పని కాదు. కాడ మధ్యలో చిన్న అడ్డగీత వేసి 7 రాసే అలవాటున్నవారి విషయంలో పని సులువే, ఆ గీత ఒక్కచోట మసకలో కరిగిపోతే తప్ప.

ఒక లెక్క తీసుకుని చూద్దాం. ఫోటోలో నాకు ఇలా కనబడిందనుకోండి:

```
2x² − 11x + 21 = 0
```

విచక్షణి 121 − 168 = −47. వాస్తవ మూలాలు లేవు. ప్రశ్న మాత్రం "కారణాంకాలుగా విడగొట్టి సాధించండి" అని అడుగుతున్నది. ఇక్కడ ఆగాలి. ఈ వరుసలో 1 గా చదివిన అంకెలు మూడున్నాయి: 11 లోని రెండూ, 21 లోని ఒకటీ. వాటిని ఒక్కొక్కటిగా 7 చేసి చూద్దాం. 71 తీసుకుంటే విచక్షణి 5041 − 168 = 4873, పూర్ణవర్గం కాదు. స్థిరపదాన్ని మాత్రమే 27 చేస్తే అది మరింత రుణాత్మకమవుతుంది. 17 తీసుకుంటే 289 − 168 = 121, అంటే 11 వర్గం; మూలాలు 7, 3/2. ఈ చదువును ఒప్పుకునే ముందు మళ్లీ ఫోటో తెరిచి, 11 లోని రెండో అంకె మొదటి అంకె కన్నా నిజంగానే వేరుగా ఉన్నదా అని చూడాలి. ఒకే సంఖ్యలో పక్కపక్కనే ఉన్న రెండు అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం చాలా తేలిక. తలల పొడవులో తేడా ఉంటే ఇక సందేహం అక్కరలేదు. లెక్క చక్కగా వచ్చింది కదా అని ఫోటోను చూడకుండా మార్చేయడం మాత్రం ఊహతో ప్రశ్నను తిరగరాయడమే అవుతుంది.

చక్కని జవాబు వచ్చిందన్న ఆధారం ఎక్కడ పనిచేయదో కూడా తెలిసి ఉండాలి. 3x + 1 = 22 అని చదివితే x = 7; 3x + 7 = 22 అని చదివితే x = 5. రెండూ పూర్ణసంఖ్యలే. ఇది కాకతాళీయం కాదు. 7 కూ 1 కీ తేడా 6. అందువల్ల చివర 2 తో గానీ 3 తో గానీ 6 తో గానీ భాగించే లెక్కల్లో ఒక చదువుకు పూర్ణసంఖ్య వస్తే రెండో చదువుకూ పూర్ణసంఖ్యే వస్తుంది. ఇదే కారణం చేత, అంకెల మొత్తం కట్టి 3 తో భాగహారం పోతుందేమో చూసే పరీక్ష 1, 7 ల విషయంలో పూర్తిగా గుడ్డిది: 231, 237 రెండూ 3 తో భాగించబడతాయి. 9 తో చూసే శేషం మాత్రం ఈ తప్పును పట్టుకుంటుంది, ఎందుకంటే 6 ని 9 నిశ్శేషంగా భాగించదు. ఇదే తేడా కూడికల పట్టికల్లో మనకు మేలు చేస్తుంది. ఫోటో నుంచి ఎత్తి రాసుకున్న వరుసల మొత్తం, కాగితం మీద రాసి ఉన్న మొత్తం కన్నా సరిగ్గా 6 గానీ 60 గానీ 600 గానీ తేడాగా ఉంటే, ముందుగా ఆ స్థానంలోని 1 లను, 7 లను చూడండి. 60 తేడా అయితే పదుల స్థానం తప్ప మిగిలినవి వెతకనక్కరలేదు. 0 ని 6 గా చదివినా ఇదే తేడా వస్తుంది కాబట్టి వాటిమీదా ఒక కన్ను వేయాలి.

ఇక మైనస్, భిన్నం గీతల సంగతి. ఇక్కడ గుర్తు ఆకారం ఏమాత్రం సాయం చేయదు, రెండూ అడ్డగీతలే. ఎత్తు కూడా తేడా చూపదు. పద్ధతిగా రాసిన చోట మైనస్, భిన్నం గీత, సమానం గుర్తు మధ్యభాగం ఒకే మట్టంలో ఉంటాయి. తేల్చేవి రెండే: గీత పొడవు ఎంత, దానికి సరిగ్గా పైనా కిందా ఏముంది. మైనస్‌కు ఎడమా కుడీ వస్తువులుంటాయి, పైనా కిందా ఖాళీ ఉంటుంది. భిన్నం గీతకు పైనా కిందా రెండు వైపులా ఉండాలి, లవహారాల్లో వెడల్పైనదాన్ని ఆ గీత కప్పాలి. పై వరుస నుంచి కిందికి జారిన అంకె ఒకటి మైనస్ మీద పడితే, లవం ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. అప్పుడు కింద చూస్తే హారం ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది, గీత ఎక్కడ మొదలైందన్న దగ్గర. ఈ రెండింటినీ చూడండి:

```
     3     5           x − 3     5
x − ─── = ───         ─────── = ───
     4     4             4       4
```

ఎడమదానిలో x = 2, కుడిదానిలో x = 8. రెండూ పూర్ణసంఖ్యలే కాబట్టి జవాబు చూసి తేల్చలేం. చేతిరాతలో గీత 3 కింద మొదలై కాస్త ఎడమకు జరిగినా, x కింద మొదలై మధ్యలో మసకబారినా, రెండూ ఒకటే రూపానికి వస్తాయి. ఇక్కడ గీతను వదిలేసి x ను చూడాలి. ఎడమదానిలో x, దాని పక్కనున్న మైనస్ భిన్నం గీతతో ఒకే మట్టంలో ఉంటాయి. కుడిదానిలో అవి 3 తో సమానంగా పైకి లేచి ఉంటాయి. మరి ఫోటోయే వంగి ఉంటే మట్టం ఎలా తెలుస్తుంది? సమానం గుర్తును కొలబద్దగా వాడండి. దాని రెండు గీతలూ అడ్డంగా కనబడేంతవరకు ఫోటోను తిప్పి, వాటి మధ్య ఖాళీ గుండా ఎడమకు ఒక గీత ఊహించుకోండి. తెర మీద కాగితం అంచు ఆనించినా సరిపోతుంది. ఆ గీత x మధ్యగా పోతే ఎడమ చదువు, x పాదాలకు దిగువగా పోతే కుడి చదువు. ఈ పరీక్ష నన్ను మోసగించింది చాలా తక్కువసార్లు, అదీ సమానం గుర్తునే ఏటవాలుగా రాసే చేతుల దగ్గర.

భిన్నానికి ముందున్న మైనస్ దానికి అంటుకుపోవడం మరొక రకం. −3/4 రాసేటప్పుడు మైనస్‌ను, భిన్నం గీతను కలం ఎత్తకుండా ఒకే ఊపులో లాగేవారుంటారు. ఫోటోలో అది పొడవాటి గీత మీద 3, కింద 4 గా కనబడి, మైనస్ మాయమవుతుంది. పట్టుకునే గుర్తు ఒకటే: గీత ఎడమవైపు అంకెలను దాటి ఒక అంకె వెడల్పంత ముందుకు వచ్చి, కుడివైపు మాత్రం అంకెల దగ్గరే ఆగిపోతే, ఆ మిగులు భాగం మైనస్ అయి ఉండవచ్చు. గీత రెండువైపులా సమానంగా మిగిలితే అది ఆ చేతి అలవాటు మాత్రమే.

రూళ్ల కాగితం గురించి ఒక్క మాట. కొందరు రూళ్ల గీతనే భిన్నం గీతగా వాడేస్తారు, దాని మీద మళ్లీ కలం పెట్టరు. అలాంటి ఫోటోను స్కాన్ ఫిల్టరు నలుపు తెలుపుగా మార్చినప్పుడు రూళ్ల గీత తుడిచిపెట్టుకుపోయి, పైన 3, కింద 4 గాలిలో నిలబడి ఉంటాయి. లేదా పలచటి మైనస్‌లు, దశాంశ బిందువులు కూడా దానితోపాటు పోతాయి. స్కాన్ చేసిన ప్రతి నల్లని, శుభ్రమైన పేజీనీ నేను అనుమానంతోనే చూస్తాను. రంగుల అసలు ఫోటో అడిగి తెప్పించుకుంటే, సిరా రంగు వేరు, రూళ్ల రంగు వేరు కావడం వల్ల సగం సందేహాలు అక్కడే తీరుతాయి.

ఇప్పుడు నేను మోసపోయిన సంగతి ఒకటి. ఒక విద్యార్థి పంపిన ఫోటోలో ప్రశ్న y = x⁷ + 3x అని చదివాను, అవకలనం కనుగొనాలి. కింద ఒక పట్టిక గీసి x = 1 అయినప్పుడు y = 4 అని రాసి ఉంది. x⁷ లో 1 వేసి చూశాను, 1 + 3 = 4, సరిపోయింది. తృప్తిపడి 7x⁶ + 3 అని జవాబు పంపాను. అసలు ప్రశ్న y = x⁻¹ + 3x. పైన ఇరుకుగా రాసిన మైనస్ కాస్త పైకి జరిగి 1 తలకు తగిలి, మసకలో 7 అయి కూర్చుంది. 1 ని ఏ ఘాతానికి పెంచినా 1 కాబట్టి నా పరీక్షకు ఈ తేడా కనబడే అవకాశమే లేదు. −1 వేసి చూసినా లాభం లేకపోయేది, దాని విలోమమూ ఏడో ఘాతమూ రెండూ −1. 2 వేసి ఉంటే ఒక చదువుకు 6.5, మరొకదానికి 134 వచ్చేవి. పట్టికలో x = 2 గడి ఉన్నది కూడా, ఫోటో అంచు దాన్ని కోసేసింది. అప్పటినుంచి ఘాతాల్లో 7 కనబడితే −1 ను, −1 కనబడితే 7 ను తప్పనిసరిగా వేసి చూస్తున్నాను, పరీక్షకు 2 నే తీసుకుంటున్నాను. మాత్రికల లెక్కల్లో A⁷ కనబడితే మరీ జాగ్రత్త. పాఠశాల స్థాయి లెక్కల్లో ఏడో ఘాతం కన్నా విలోమం అడిగే సందర్భమే ఎక్కువ.

విద్యార్థి రాసిన తరువాతి వరుస మంచి సాక్ష్యం. పైన ఉన్న సందర్భంలో తరువాతి వరుసలో −x⁻² అన్నది ఎక్కడైనా కనబడి ఉంటే ప్రశ్న −1 అని వెంటనే తెలిసేది. కానీ ఈ సాక్షిని గుడ్డిగా నమ్మకూడదు, ఎందుకంటే విద్యార్థే తాను రాసిన 1 ని తరువాతి వరుసలో 7 గా ఎత్తి రాసుకోవడం మామూలే. అప్పుడు కాగితం మీద రెండు నిజాలుంటాయి: ప్రశ్న వరుసలో 1, అక్కడినుంచి కిందంతా 7. ఆ తప్పు మీరు చదవడంలో జరిగింది కాదు, దాన్ని మౌనంగా సరిదిద్దితే విద్యార్థికి తన తప్పు ఎక్కడ జరిగిందో ఎన్నటికీ తెలియదు. పైనుంచి కిందికి ప్రతి వరుసనూ విడివిడిగా చదివి, అంకె ఏ వరుస దగ్గర మారిందో ఆ వరుసను గుర్తుపెట్టి తిరిగి పంపండి. భౌతికశాస్త్రపు లెక్కలైతే ఇంకొక సాక్షి ఉన్నది: దూరంలోంచి కాలాన్ని తీసివేయడం అర్థంలేని పని, కాబట్టి d, t ల మధ్య కనబడే గీత మైనస్ కాజాలదు.

ఇన్ని చూసినా తేలకపోతే అడగాలి, అడిగే తీరు ముఖ్యం. "ఇది 7 కదా?" అని అడిగితే, పిల్లలు కాగితం వైపు చూడకుండానే అవునంటారు. "మూడో వరుసలో రెండో పదం ఏమిటో చదివి చెప్పండి" అని అడిగితే, ఒకటి, ఏడు అన్న మాటలు చెవికి ఎక్కడా పొరబడనివి కాబట్టి సమస్య అక్కడే తీరుతుంది. భిన్నం విషయంలో నోటిమాట చాలదు, "ఎక్స్ మైనస్ మూడు బై నాలుగు" అన్నది పైన చూపిన రెండు రూపాలకూ సరిపోతుంది. అలాంటివాటిని బ్రాకెట్లతో ఒకే వరుసలో టైపు చేయించుకోవాలి:

```
x - (3/4) = 5/4
(x - 3)/4 = 5/4
```

ఫోటోనే మళ్లీ తీయమని అడిగేటట్లయితే, పేజీ మొత్తం కాక సందేహమున్న రెండు మూడు వరుసలే తెర నిండా వచ్చేలా, కాగితానికి నేరుగా పైనుంచి, ఫిల్టరు లేకుండా తీసి, కుదించని ఫైలుగా పంపమనండి. పేజీ వెడల్పులో మూడోవంతు భాగమే ఫోటో నిండా వస్తే, అదే 800 పిక్సెళ్లలో మిల్లీమీటరుకు పదకొండు పిక్సెళ్లకు పైగా వస్తాయి, 7 తల అప్పుడు దానంతట అదే కనబడుతుంది.